భోగి మంట లూప్ ఉన్నచోటే లేచి కూర్చుంటోంది (పొగ, నీళ్లు, మెరుపుల గొడవలు కూడా ఇక్కడే)

పిడకలదండ

అందరికీ నమస్కారం. సంక్రాంతికి యూట్యూబ్‌లో పెట్టాలని చిన్న షార్ట్ ఒకటి చేస్తున్నాను. మొత్తం చేతి గీతే, క్రితలో. మొదటి షాట్ భోగి మంట: తెల్లవారుజాము, వీధి మధ్యలో దుంగలు, విరిగిన కుర్చీ, చుట్టూ జనం. షాట్ ఆరు సెకన్లు. మంట పైన పొగ ఉంది. తర్వాతి షాట్లో ఒక పిల్లాడు పిడకల దండ విసరగానే నిప్పురవ్వలు లేవాలి.

మంటకి ఎనిమిది డ్రాయింగ్‌ల లూప్ వేశాను. స్మూత్‌గా ఉంటుందని ఒన్స్ మీద పెట్టాను, 24 ఎఫ్‌పీఎస్. 1, 5 కీలు, మిగతావి ఇన్‌బిట్వీన్‌లు. మంట పైకి వెళ్తున్నట్టు లేదు, ఉన్నచోటే లేచి కూర్చుంటోంది. దానికి తోడు ఎంత పెద్దగా గీసినా భోగి మంటలా అనిపించడం లేదు. పక్కన మనుషుల్ని పెట్టినా చిన్న మంటలాగే ఉంది. 8 నుంచి మళ్లీ 1కి వచ్చేటప్పుడు కొస దగ్గర చిన్న జెర్క్ కూడా కనిపిస్తోంది. ఆనియన్ స్కిన్ స్క్రీన్‌షాట్, లూప్ వీడియో జత చేశాను. ఎక్కడ పోయిందో చెప్పగలరా?

రెండర్_రాజా

మంట గీయడం ఎందుకండీ ఇంత కష్టపడి? నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తీసిన మంట ఫుటేజ్ ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పెట్టి స్క్రీన్ మోడ్ వేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రవ్వలకి పార్టికల్ ప్లగిన్ ఉంది. నేను పెళ్లి వీడియోలకి అదే వాడతాను, ఎవరూ వంక పెట్టలేదు.

పిడకలదండ

రాజా గారూ, థాంక్స్. కానీ మనుషులందరూ ఫ్లాట్ రంగుల్లో, రెండే షేడ్‌లతో ఉన్నారు. వాళ్ల మధ్యలో నిజం మంట పెడితే అతికించినట్టు ఉంటుంది. గీసే దారే కావాలి.

పాత_పెగ్‌బార్

స్క్రీన్‌షాట్ చూశాను. మీ 3వ డ్రాయింగ్, 7వ డ్రాయింగ్ ఒకదాని మీద ఒకటి పెట్టండి. దాదాపు ఒకటే బొమ్మ. 2కీ 8కీ కూడా అంతే. ఒకటి నుంచి ఐదుకి వెళ్లి, అదే దారిలో వెనక్కి వచ్చారు. నాలుగు డ్రాయింగ్‌లు మంట ఎక్కింది, నాలుగు డ్రాయింగ్‌లు దిగింది. లేచి కూర్చుంటోందని మీరన్నది అక్షరాలా జరుగుతున్నదే. మంట దిగదు. దాని అంచు మీద ఉన్న ప్రతి ఉబ్బూ కింద పుట్టి, పైకే పోయి, కొస దగ్గర తెగి చచ్చిపోతుంది. ఉబ్బుల మధ్య లోతులు కూడా పైకే పోతాయి. మంట లోపల చీకటి రంధ్రాలు గీస్తే అవీ అంతే.

కాబట్టి మొత్తం ఆకారాన్ని కీగా పెట్టుకుని ఇన్‌బిట్వీన్ చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మనిషి చెయ్యి ఈ డ్రాయింగ్‌లోనూ ఆ డ్రాయింగ్‌లోనూ అదే చెయ్యి. మంట కొస మాత్రం ఈ డ్రాయింగ్‌లో ఉన్నది ఆ డ్రాయింగ్‌లో ఉండదు, దాని చోటికి వేరేది వచ్చి ఉంటుంది. కాగితం మీద పని చేసిన రోజుల్లో ప్రతి ఉబ్బు పక్కనా నీలం పెన్సిల్‌తో చిన్న అక్షరం వేసుకునేవాళ్లం: క, ఖ, గ అని. "క" ఎక్కడ పుట్టింది, ఎక్కడ తెగింది అని వరసగా చూసుకోవడానికి. మీరూ పైన ఒక లేయర్ పెట్టి అలాగే రాసుకోండి.

లూప్ కిటుకు కూడా అందులోనే ఉంది. చాలామంది ఒక ఉబ్బు అడుగు నుంచి కొసదాకా వెళ్లేసరికి లూప్ పూర్తవ్వాలనుకుని ఇరుక్కుంటారు. అక్కర్లేదు. తిరుపతి క్యూలో మీ ముందు మనిషి నిలబడ్డ చోటికి మీరు జరిగితే చాలు, వరస బయటినుంచి చూసేవాడికి మళ్లీ మొదటి బొమ్మే కనిపిస్తుంది. లూప్ ఒక చుట్టు తిరిగేసరికి "క" వెళ్లి "ఖ" ఉన్న చోట, "ఖ" వెళ్లి "గ" ఉన్న చోట ఉండాలి. "గ" కొస దాటి తెగిపోవాలి. అడుగున కొత్త "క" పుట్టాలి. అంతే, జెర్క్ ఉండదు.

మంట చిన్నగా ఎందుకు కనిపిస్తోందో సాయంత్రం రాస్తాను. అది డ్రాయింగ్ గొడవ కాదు, టైమింగ్ గొడవ.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

పెగ్‌బార్ అన్న చెప్పింది కరెక్టే. నేనైతే ఒన్స్ తీసేసి టూస్ మీద పెట్టమంట. మంట టూస్ మీదనే మస్తుగ కొడ్తది, ఒన్స్ మీద పెడితే నున్నగ అయితది, నీళ్ల లెక్క.

ఇగ పొగ గురించి అంత పరేషాన్ కాకు. మంట డ్రాయింగ్‌లే కాపీ కొట్టు, బూడిద రంగు పొయ్యి, టైమింగ్ డబల్ చెయ్. పైకి పోయే గాలి రెంటికీ ఒక్కటే గద. నేను ఒక రైమ్స్ చానెల్‌కి గట్లనే చేసిన.

డల్లాస్_డూడుల్

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. ఆరు సెకన్ల హీరో షాట్‌కి లూప్ ఎందుకు? టూస్ మీద 72 డ్రాయింగ్‌లు. ఒకటో డ్రాయింగ్ నుంచి వరసగా గీసుకుంటూ పోవడమే, కీలు లేవు, ప్లాన్ లేదు. మంటకి ఆ తెగువ కావాలి. జపాన్‌లో యోషినోరి కనదా మంటలో నుంచి డ్రాగన్ తలలు లేపాడు, 80ల్లో. లూప్‌తో అది రాదు. ఒక ఉబ్బు ఒకసారి నోరు తెరవాలి, ఇంకోసారి మెలిక తిరగాలి.

పిడకలదండ

డూడుల్ గారూ, షార్ట్ మొత్తం నేనొక్కదాన్నే చేస్తున్నాను. 72 గీస్తే రంగులు వేసేసరికి ఉగాది వచ్చేస్తుంది 🙂 లూపే కావాలి.

పెగ్‌బార్ గారూ, క-ఖ-గ పద్ధతి అర్థమైంది, ఇవాళ కూర్చుంటాను. టైమింగ్ సంగతి కోసం ఎదురుచూస్తున్నా.

పాత_పెగ్‌బార్

సరే, టైమింగ్.

పెద్ద మంట దూరం నుంచి చూస్తే గుండెలా కొట్టుకుంటుంది. అడుగు నుంచి ఒక పెద్ద ఉబ్బు బయల్దేరి పైకి పోతుంది, కాసేపటికి ఇంకొకటి. అగ్నిప్రమాదాల మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని కొలిచారు. సెకనుకి ఎన్ని ఉబ్బులు లేస్తాయన్నది ఎక్కువగా మంట అడుగు వెడల్పు మీదే ఆధారపడుతుంది. ఉజ్జాయింపు లెక్క ఇది, D మీటర్లలో:

```
f = 1.5 / √D
```

మీ భోగి మంట అడుగు పక్కన నిలబడ్డ మనుషులతో పోలిస్తే ఒకటిన్నర మీటరు ఉంది. అంటే సెకనుకి 1.2 ఉబ్బులు, ఉబ్బుకీ ఉబ్బుకీ మధ్య 20 ఫ్రేమ్‌లు. మీ లూప్ 8 ఫ్రేమ్‌లకే తిరిగిపోతోంది, సెకనుకి మూడుసార్లు. ఈ లెక్కలో సెకనుకి మూడు అంటే అడుగు పాతిక సెంటీమీటర్లు. మీరు కట్టెల పొయ్యి మంటని భోగి మంట సైజులో గీశారు. చూసేవాళ్లకి లెక్క తెలియదు కానీ పొయ్యి ఎలా కొట్టుకుంటుందో కళ్లకి తెలుసు, అందుకే మనుషుల్ని పక్కన పెట్టినా నమ్మడం లేదు.

దీపం వత్తికి ఈ సూత్రం వాడకండి. గాలి లేని చోట దీపం దాదాపు నిలబడే ఉంటుంది, కొస ఒక్కటే కాస్త సాగుతుంది. ఇది ఆరుబయట కట్టెలు, నూనె లాంటివి మండే మంటలకి.

ఇప్పుడు మీ షాట్‌కి వద్దాం. ఓరుగల్లు తమ్ముడు చెప్పినట్టు టూస్ మీద పెట్టండి. 10 డ్రాయింగ్‌లు, 20 ఫ్రేమ్‌లు. మీ మంట ఎత్తు కాన్వాస్ మీద సుమారు 600 పిక్సెళ్లు ఉంది. ఒకటో డ్రాయింగ్‌లో ఎడమ అంచు మీద "క" అడుగు నుంచి 60 ఎత్తులో, "ఖ" 190లో, "గ" 380లో పెట్టండి. దూరాలు పైకి పోయేకొద్దీ పెరుగుతున్నాయి చూడండి, కావాలనే అలా పెట్టాను. పది డ్రాయింగ్‌లలో "క" 190కి చేరాలి కాబట్టి డ్రాయింగ్‌కి సగటున 13 పిక్సెళ్లు నడుస్తుంది. "ఖ" 19 నడుస్తుంది. "గ" 380 నుంచి 620కి, అంటే 24. వేడి గాలి పైకి పోతూ వేగం అందుకుంటుంది, మంటకి ఆ దూకుడు ఇక్కడినుంచే వస్తుంది. మూడూ సమాన దూరాల్లో పెడితే మెట్ల చెయిన్ తిరుగుతున్నట్టు ఉంటుంది.

కుడి అంచు మీద ఉబ్బుల్ని అవే ఎత్తుల్లో పెట్టకండి. అర చుట్టు వెనక్కి జరపండి, అంటే ఎడమవైపు 6వ డ్రాయింగ్‌లో ఉన్న ఎత్తులు కుడివైపు ఒకటో డ్రాయింగ్‌లో వస్తాయి. లేకపోతే రెండు పక్కలా ఒకేసారి ఉబ్బి, మంట బొంగరంలా సరిసమానంగా తయారవుతుంది. ఎడమ ఉబ్బు, కుడి లోతు, ఎడమ లోతు, కుడి ఉబ్బు... ఇలా ఉంటే మధ్య గీత తనంతట తానే ఎస్ ఆకారంలో మెలికలు తిరుగుతుంది. దాన్ని విడిగా గీయక్కర్లేదు.

తెగిన ముక్క సంగతి. "గ" కొస దాటాక మెడ సన్నబడి తెగాలి. తెగిన ముక్క రెండు మూడు డ్రాయింగ్‌లకి మించి బతక్కూడదు. దాన్ని గుండ్రంగా చిన్నది చేసుకుంటూ పోకండి, బుడగలా కనిపిస్తుంది. కింది వైపు నుంచి తినేయండి: ముందు వంకర ఆకు, తర్వాత సన్నటి గీత, తర్వాత ఏమీ లేదు.

పిడకలదండ

చాలా చాలా థాంక్స్ సార్. పొయ్యి మంట అన్నది చూడగానే నవ్వొచ్చింది, నిజమే! ఒక సందేహం. లోపలి పసుపు రంగుని బయటి నారింజ ఆకారాన్ని చిన్నది చేసి పెట్టాను. అది పర్వాలేదా?

పాత_పెగ్‌బార్

పర్వాలేదనలేను. అలా చేస్తే అంచు ఎక్కడ ఊగితే లోపలిది అక్కడే ఊగుతుంది, మంట స్టిక్కర్ అయిపోతుంది. పసుపుని అడుగుకి దగ్గరగా, బరువుగా పెట్టండి, మొత్తం ఎత్తులో సగానికి కాస్త పైదాకా చాలు. ఆ ఉబ్బులే వాడండి, కానీ బయటి ఉబ్బు కంటే ఒకటి రెండు డ్రాయింగ్‌లు ముందుగా కదలనివ్వండి. లోపల పుట్టిన కదలిక బయటి అంచుకి ఆలస్యంగా అందుతుంది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

అన్నా, నా పొగ ఐడియా గురించి ఏం చెప్పలే. తప్పా?

పాత_పెగ్‌బార్

సగం ఒప్పు తమ్ముడూ. పైకి తోసే గాలి రెంటికీ ఒకటే, దాంట్లో అనుమానం లేదు. మంటకి పొగ ఆనుకుని ఉన్న మొదటి జానెడులో నీ కాపీ పనిచేస్తుంది కూడా. ఆపైన మాత్రం రెండూ ఎదురెదురు దారుల్లో పోతాయి. మంట పైకి పోయేకొద్దీ వేగం పెరిగి, సన్నబడి, మాయమవుతుంది. పొగ చల్లబడేకొద్దీ వేగం తగ్గి, లావెక్కి, చాలాసేపు ఉంటుంది. మంట డ్రాయింగ్‌ల టైమింగ్ డబల్ చేస్తే నెమ్మదైన బూడిదరంగు మంట వస్తుంది. కొసలు మొనదేలి ఉంటాయి కాబట్టి అది పొగ కాదని వెంటనే పట్టేస్తారు. రైమ్స్ వీడియోలో దూరంగా పొగగొట్టం అయితే ఎవరూ చూడరనుకో.

పిడకలదండ గారి పొగకి నేనైతే ఇలా చేస్తాను. ఒక పొగ ముద్ద మంట కొస నుంచి బయల్దేరాక మొదటి డ్రాయింగ్‌లలో 40, 31, 24, 18, 14 పిక్సెళ్లు... ఇలా దూరం తగ్గుకుంటూ పోవాలి. మొదటి రెండు మూడు డ్రాయింగ్‌లు టూస్ మీద, తర్వాత మెల్లగా త్రీస్ మీదకి, పైన తేలేటప్పుడు ఫోర్స్ అయినా నడుస్తుంది. ముద్ద లోపల గీసే వంకీలు దొర్లాలి. ముద్ద నడినెత్తిన పుట్టిన వంకీ పక్కకి జారి, అంచు చుట్టూ తిరిగి, అడుగున లోపలికి ముడుచుకోవాలి. వంకీలు కదలకుండా ముద్ద మాత్రం పెరిగితే దూది ఊదినట్టుంటుంది.

అసలు తేడా చావులో ఉంది. పొగని ఒపాసిటీ తగ్గించి ఫేడ్ చేస్తే చేతి గీతలో అతకదు, మిగతా ఫ్రేమ్‌లో ఏదీ సగం కనిపించి సగం కనిపించకుండా లేదు కదా. చిల్లులు పెట్టి చంపండి. ముద్ద వెనక భాగంలో, అంటే ఆలస్యంగా వచ్చే వైపు, ఒక రంధ్రం తెరవండి. అది పెరిగి అంచు తెగితే ముద్ద కొడవలి ఆకారం అవుతుంది. కొడవలి రెండు మూడు ముక్కలవుతుంది. ముక్కలు అవే దిశలో తేలుతూ సన్నబడతాయి. ముద్ద బయటి కొలత మాత్రం చివరిదాకా తగ్గకూడదు, కాస్త పెరుగుతూనే ఉండాలి. అది తగ్గిందంటే పొగ వెనక్కి లోపలికి పీల్చుకుపోతున్నట్టు కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

సమజైంది. కానీ త్రీస్, ఫోర్స్ అంటే కెమెరా ప్యాన్ ఉన్న షాట్ల జర్క్ కొడ్తది కద? నాకు ఒకసారి గట్లనే అయింది.

పాత_పెగ్‌బార్

అవును, కెమెరా కదిలితే పొగని కనీసం టూస్ మీదకి తేవాల్సిందే. ఇక్కడ కెమెరా కదలడం లేదు.

చెరువుగట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఇంకో థ్రెడ్ తెరవడం ఎందుకని. నాది నీళ్లు. చెరువులో పిల్లాడు గుప్పెడంత రాయి వేస్తాడు, నీళ్లు మూరెడు కన్నా తక్కువ ఎత్తే లేస్తాయి, ఒక అడుగు అనుకోండి. 30 ఫ్రేమ్‌లు గీశాను, ఒన్స్ మీదే. డ్రాయింగ్‌లు విడివిడిగా చూస్తే బాగున్నాయి. ప్లే చేస్తే రాయి కాదు, బండ పడినట్టుంది. క్లయింట్ "ఇంకా లైట్‌గా కావాలి" అంటున్నాడు, ఏం చేస్తే లైట్ అవుతుందో అర్థం కావడం లేదు. రంగు లైట్ చేశాను, అదీ కాదంటున్నాడు.

పాత_పెగ్‌బార్

క్లయింట్ కన్ను మంచిదే, మాటే తికమక. ఇది కూడా భోగి మంట జబ్బే, తిరగేసి. ఒక ఎత్తు నుంచి నీళ్లు పడడానికి పట్టే కాలం మన చేతిలో లేదు:

```
t = √(2h / 9.8)
```

అడుగు ఎత్తు అంటే 0.3 మీటర్లు. t దాదాపు పావు సెకను, 6 ఫ్రేమ్‌లు. లేవడానికి 6, పడడానికి 6, మొత్తం 12. మీరు 30 తీసుకున్నారు. 15 ఫ్రేమ్‌లు పడే నీళ్లు దాదాపు రెండు మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నట్టు లెక్క, అందుకే రాయి బండ అయింది. ఎత్తు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లే అవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు: 1.2 మీటర్లకి పడడానికి 12 ఫ్రేమ్‌లు.

పడేటప్పుడు దూరాలు 1, 3, 5, 7, 9, 11 వరసలో పెరగాలి. మీ అడుగు కాన్వాస్ మీద 180 పిక్సెళ్లయితే 5, 15, 25, 35, 45, 55. లేచేటప్పుడు ఇదే వరస తిరగేయండి.

డల్లాస్_డూడుల్

ఇంత కచ్చితంగా ఫిజిక్స్ కొలిస్తే స్టైల్ ఎక్కడుంటుంది సార్? నా నీళ్లు రెండు ఫ్రేమ్‌లలో పైకి లేస్తాయి, పైన నాలుగైదు ఫ్రేమ్‌లు ఆకారం చూపిస్తూ ఆగుతాయి, తర్వాత పడతాయి. ఆ ఆగడమే చూసేవాడికి గుర్తుండేది.

పాత_పెగ్‌బార్

దానికి నేను ఒప్పుకుంటాను. లేవడాన్ని ఎంత కావాలంటే అంత దొంగిలించు, పైన ఆపు. పడే ఆరు ఫ్రేమ్‌లని మాత్రం ముట్టుకోకు, సైజు చెప్పేవి అవే. పైన ఆపినప్పుడు కూడా పూర్తిగా గడ్డకట్టనివ్వకు, అంచు సన్నబడుతూ ఉండాలి.

చెరువుగట్టు గారూ, మీ డ్రాయింగ్‌లలో ఇంకోటి చూశాను. 14వ ఫ్రేమ్ నుంచి మొత్తం నీటి ఆకారాన్ని ఒకే ముక్కగా కిందికి దింపారు. అలా జరగదు. రాయి పడగానే నీళ్లు పలచని గోడలా చుట్టూ లేస్తాయి, అంచు మందంగా ఉంటుంది. ఆ అంచు మీద మొనలు లేస్తాయి, మొనల నుంచి చుక్కలు తెగుతాయి. హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన పాలచుక్క కిరీటం ఫోటో చూస్తే ఇది స్పష్టంగా ఉంటుంది. తెగిన ప్రతి చుక్కకీ తన సొంత వంపు దారి. ముందు తెగింది ముందు పడుతుంది. గోడలో చిల్లులు పడి అది వలలా అయిపోవాలి. గోడ అడుగు భాగం ఎప్పుడో నీళ్లలో కలిసిపోయాక కూడా రెండు చుక్కలు ఇంకా గాల్లో ఉండాలి. మీరు పెద్ద చుక్కలు ఓ ఐదారు ఎంచుకుని ఒక్కోదానికీ ముందే దారి గీసుకోండి, మిగతావి వాటి చుట్టూ చల్లండి.

ఇంకోటి, రాయి చేసిన గుంట మూసుకున్నప్పుడు మధ్యలోంచి సన్నటి నీటి స్తంభం లేస్తుంది. గోడ కూలాక, రెండో దెబ్బ. దాని కొసన ఒక్క చుక్క తెగుతుంది. పిల్లలు చెరువులో రాయి వేశాక వినిపించే "బుళుంగ్" దాదాపు ఆ సమయానికే వస్తుంది, సౌండ్ వేసేవాడికి చెప్పండి.

చెరువుగట్టు

పన్నెండు ఫ్రేమ్‌లకి కుదించాను, 18 డ్రాయింగ్‌లు పోయాయి, ప్రాణం ఉసూరుమంది. కానీ ఇప్పుడది రాయే! స్తంభం వేయలేదు ఇంకా. క్లయింట్ స్లో మోషన్ అడిగితే మాత్రం మళ్లీ ఏం చేయాలో చూడాలి.

తళుకుబెళుకు

నాదీ ఒకటి. పిల్లల కథలో మాయలమారి చెయ్యి తిప్పగానే మెరుపులు రావాలి. నాలుగు మొనల నక్షత్రాలు గీసి, ఒక్కోదాన్నీ చిన్నగా మొదలుపెట్టి, పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేశాను. అన్నీ ఒకేలా మిణుకుమంటున్నాయి, పెళ్లి పందిరి సీరియల్ లైట్లలా ఉంది. పవర్‌ఫుల్‌గా ఉండాలని చివర్లో స్క్రీన్ మొత్తం ఒక ఫ్రేమ్ ఎరుపు, ఒక ఫ్రేమ్ నీలం, ఒక సెకను పాటు కొట్టించాను. అది బాగుంది అనుకుంటున్నా.

పాత_పెగ్‌బార్

ముందు ఆ ఎరుపు-నీలం తీసేయండి, దయచేసి. అందులో బేరం లేదు. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకదానిలో సరిగ్గా ఇలాగే ఎరుపు, నీలం సెకనుకి పన్నెండు సార్ల చొప్పున కొట్టుకున్నాయి. ఆరువందల మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రి పాలయ్యారు, కొందరికి మూర్ఛ వచ్చింది. ఫ్రేమ్ మార్చి ఫ్రేమ్ మార్చితే 24లో మీదీ అదే వేగం. స్క్రీన్‌లో పెద్ద భాగం సెకనుకి మూడుసార్లకి మించి ఫ్లాష్ కాకూడదన్నది ఇప్పుడు మామూలుగా పాటించే హద్దు. ఎరుపు మరీ ప్రమాదం. మీ ప్రేక్షకులు పిల్లలే, చీకటి గదిలో, మొహానికి దగ్గరగా ఫోన్ పెట్టుకుని చూస్తారు. ఒకే ఒక తెల్ల ఫ్లాష్ కొట్టి, దాన్ని ఎనిమిది ఫ్రేమ్‌లలో మెల్లగా దింపండి. బలం అదే ఎక్కువ ఇస్తుంది.

ఇక మెరుపులు. పుట్టడం పెద్దగా పుట్టాలి. మొదటి ఫ్రేమ్‌లోనే పూర్తి సైజు, తర్వాత తగ్గడమే. మీరు చేసిన ఎదగడమే సీరియల్ లైట్ల ఫీలింగ్ ఇస్తోంది. ఒక్కోదాని ఆయుష్షు కొన్నిటికి 5 ఫ్రేమ్‌లు, కొన్నిటికి 9, కొన్నిటికి 14. పెద్దవి మూడు చాలు, మధ్యస్థం ఏడెనిమిది, మిగతావన్నీ చుక్కలు. చెయ్యి ఉన్న చోట కాదు, చెయ్యి దాటిపోయిన చోట పుట్టించండి, చెయ్యి వెళ్లిన దిశలో కొంచెం జారి, తర్వాత కిందికి దిగాలి. గుంపులుగా, మధ్యలో ఖాళీలతో. సమంగా చల్లితే మళ్లీ పందిరే.

తళుకుబెళుకు

అమ్మో, ఆ 1997 సంగతి తెలియదు. ఇప్పుడే తీసేశాను. ఎపిసోడ్ ఇంకా అప్‌లోడ్ కాలేదు, నయం.

పిడకలదండ

అప్‌డేట్. 10 డ్రాయింగ్‌లు, టూస్ మీద, క-ఖ-గ రాసుకుని గీశాను. వీడియో జత చేశాను. ఇప్పుడు మంట పైకే పోతోంది, జెర్క్ పోయింది, సైజు కూడా వచ్చింది. మా ఇంట్లోవాళ్లు పేరు చెప్పకుండానే భోగి మంట అన్నారు. మిగిలిన ఇబ్బంది ఒకటే: ఆరు సెకన్లలో లూప్ ఏడుసార్లు తిరుగుతోంది కదా, ఆ తెగే కొస ఏడుసార్లు అదే చోట తెగడం తెలిసిపోతోంది.

ఇంకోటి, దండ పడ్డప్పుడు లేచే రవ్వలు కూడా పైన చెప్పిన మెరుపుల్లాగే చేయొచ్చా?

పాత_పెగ్‌బార్

బాగుంది. కుడి అంచు 7వ డ్రాయింగ్‌లో ఒక లోతు కొంచెం కిందికి జారింది, 6, 8 మధ్య పెట్టి చూసుకోండి, మిగతాదంతా సరిగ్గా ఉంది.

రిపీట్ దాచడానికి మొత్తం మళ్లీ గీయక్కర్లేదు. పెద్ద కొస ఒకటి లూప్‌లోనే ఉంచి, చిన్న తెగుముక్కల్ని వేరే లేయర్‌లోకి తీయండి. ఆ లేయర్ లూప్ 14 డ్రాయింగ్‌లు, 28 ఫ్రేమ్‌లు చేయండి. 20, 28 మళ్లీ ఒకేచోట కలవడానికి 140 ఫ్రేమ్‌లు పడుతుంది. మీ షాట్ 144. దాదాపు షాట్ అయిపోయేదాకా ఒకే కలయిక రెండోసారి రాదు.

రవ్వలు మాయ మెరుపులు కావు. అవి వేడి గాలి మీద స్వారీ చేస్తాయి: దండ పడగానే విరజిమ్మి, వెంటనే మంట మీదకి లాక్కోబడి, మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. నక్షత్రాలు గీయకండి, దారి వెంట చిన్న గీతలు గీయండి. ఆ ఫ్రేమ్‌లో రవ్వ నడిచిన దూరంలో సగం పొడవు ఉంటే చాలు. వేగం తగ్గేకొద్దీ గీత చుక్క అవుతుంది, పసుపు నుంచి నారింజకి, ఎరుపుకి దిగుతుంది. ఇవి ఒన్స్ మీద గీయండి, టూస్ మీద గీస్తే ఒక్కో రవ్వ రెండుగా కనిపిస్తుంది.

డల్లాస్_డూడుల్

లూప్ బాగుందని ఒప్పుకుంటున్నాను. అయినా దండ పడ్డ షాట్లో మంట ఉలిక్కిపడాలి కదా? అది లూప్‌లో రాదు. అక్కడైనా ఓ పదిహేను డ్రాయింగ్‌లు వరసగా గీయండి, ప్లీజ్. దండ పడగానే మంట ఒక క్షణం నలిగి, తర్వాత మామూలు కంటే ఎత్తుకి లేవాలి.

పాత_పెగ్‌బార్

ఇందులో డూడుల్ గారే కరెక్ట్. అది లూప్ పని కాదు. లూప్‌లో ఏ డ్రాయింగ్ దగ్గర దిగాలో, తిరిగి ఏ డ్రాయింగ్ దగ్గర ఎక్కాలో ముందే పెట్టుకుని మధ్యలో తెగువగా గీయండి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

మంటకి నల్ల అవుట్‌లైన్ ఉంచుతున్నవా, తీసేస్తున్నవా? వీడియోల ఉంది. నేనైతే తీసేస్త. వెలుగుకి నల్ల గీత ఏంది.

పిడకలదండ

మనుషులకి నల్ల గీత ఉంది, మంటకి తీస్తే వేరే సినిమాలోంచి వచ్చినట్టు ఉంటుందేమో అని ఉంచాను. ముదురు ఎరుపు గీత వేసి చూస్తాను. యాడ్ మోడ్‌లో గ్లో కూడా ప్రయత్నించాను, తెల్లవారుజాము నీలం ఆకాశం మీద బాగుంది, కానీ తెల్ల గోడ ముందుకొచ్చేసరికి మంట మొత్తం తెల్లబోయింది.

పాత_పెగ్‌బార్

యాడ్ అంటే వెనకున్న రంగుకి కలపడమే కాబట్టి తెల్ల గోడ ముందు కలపడానికి ఏమీ మిగలదు. మంట నార్మల్ మోడ్‌లోనే ఉంచి, గ్లో ఒక్కటే వేరే లేయర్‌లో యాడ్ చేయండి. లేదా గోడని తెల్లవారుజాము నీడలో ముంచేయండి, ఆ వేళకి గోడ అంత తెల్లగా ఉండదు కూడా. గీత సంగతి నాకూ తేలలేదు. నేను పనిచేసిన చోట్ల రెండు రకాలూ చేశాం.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

రెండు వెర్షన్లు పెట్టు అక్కా, నల్ల గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి. ఫోన్‌ల చూసి చెప్తం. మానిటర్ మీద అన్నీ మంచిగనే కనిపిస్తయ్.